రాతి నేలలో ఎర్తింగ్: ఓమ్ కాదు, టచ్ వోల్టేజీ చూడాలి

హైదరాబాద్ పడమటి వైపున గచ్చిబౌలి, మణికొండ, నార్సింగి ప్రాంతాల్లో పునాది తవ్వితే కాస్త మొరం తగులుతుంది, ఆ వెంటనే గ్రానైట్. ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. దీని మీదే ఇప్పుడు ముప్ఫై, నలభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. అంత పెద్ద కట్టడానికి కావలసిన కరెంటు వీధి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వలేదు. అందుకే 33 వేల వోల్టుల కేబుల్ నేరుగా ఆవరణలోకి వస్తుంది, కట్టడానికి సొంత సబ్‌స్టేషన్ ఉంటుంది. దానికి ఎర్తింగ్ చేయాల్సిన రోజు వచ్చినప్పుడు సైటులో అందరి నోటా వినిపించే మాట ఒక్కటే: "ఒక్క ఓమ్ లోపు రావాలి."

ఈ నేలలో ఆ మాటను నిలబెట్టుకోవడం దాదాపు అసాధ్యం. అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకోటుంది. ఆ అంకె వచ్చినంత మాత్రాన మనిషి బతుకుతాడని లేదు, రానంత మాత్రాన చస్తాడనీ లేదు. మనిషి ప్రాణాన్ని తేల్చేది చేతికీ కాలికీ మధ్య వచ్చే వోల్టేజీ. ఇంజనీర్లు దాన్ని టచ్ వోల్టేజీ అంటారు.

సబ్‌స్టేషన్‌లో 33 కేవీ తీగ ఒకటి ఇన్సులేషన్ చెడి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకుకు తగిలిందనుకోండి. వేల ఆంపియర్ల కరెంటు ట్యాంకులోంచి ఎర్తింగ్ తీగల్లోకి దూకుతుంది. అందులో కొంత మట్టిలోకి దిగి, తనను పంపిన పెద్ద సబ్‌స్టేషన్ దాకా నేలలోంచే తిరిగి వెళ్తుంది. మట్టి దానికి అడ్డుపడుతుంది కాబట్టి ఆ కాసేపూ ఎర్తింగ్ మొత్తం, దానికి కలిపిన ట్యాంకు, ప్యానెల్, గేటు, అన్నీ దూరపు నేలతో పోలిస్తే వేల వోల్టుల ఎత్తుకు లేస్తాయి. ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడ్డవాడి కాళ్ళ కింది నేల కూడా దాదాపు అంతే లేస్తే అతనికి ఏమీ కాదు. పడవ నీటితో పాటు ఎంత లేచినా అందులో కూర్చున్నవాడికి ప్రమాదం లేదు, ఒక కాలు పడవలోనూ ఒక కాలు గట్టు మీదా పెట్టినవాడికే ప్రమాదం. చెయ్యి వేసిన లోహం ఎంత లేచింది, కాళ్ళ కింది నేల ఎంత లేచింది, ఈ రెంటి తేడాయే టచ్ వోల్టేజీ.

మనిషి ఎంత తేడాను తట్టుకోగలడు? దీనికి ఆధారం బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ చేసిన పరిశోధన. యాభై కిలోల మనిషి గుండె లయ తప్పకుండా తట్టుకోగల కరెంటును 0.116ని సెకన్ల వర్గమూలంతో భాగిస్తే వచ్చే ఆంపియర్లుగా ఐఈఈఈ 80 ప్రమాణం తీసుకుంది. అర సెకను షాక్‌కు అది 164 మిల్లీ ఆంపియర్లు. ఒంటి నిరోధాన్ని వెయ్యి ఓమ్‌లుగా లెక్కిస్తారు. దానికి తోడు పాదాల కింది పొర కూడా కరెంటును కొంత ఆపుతుంది. రెండు పాదాలూ కలిసి ఆ పొర విశిష్ట నిరోధానికి ఒకటిన్నర రెట్లు అడ్డు నిలుస్తాయి. అన్నీ కలిపితే:

```
E = (1000 + 1.5 × Cs × ρs) × 0.116 / √t
```

ఇందులో `ρs` అంటే పాదాల కింది పొర విశిష్ట నిరోధం, `t` అంటే ఫాల్ట్‌ను బ్రేకర్ ఆపడానికి పట్టే సమయం. ఆ పొర పలచగా ఉంటే దాని కింది మట్టి ప్రభావం ఎంతో `Cs` చెబుతుంది. పొర మందం పెరిగేకొద్దీ ఇది ఒకటికి దగ్గరవుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణను చివరిదాకా లెక్కిద్దాం. రాతి నేల మీద ఒక టవరు, దాని పక్కన ఆరుబయట ట్రాన్స్‌ఫార్మర్లున్న 33 కేవీ సబ్‌స్టేషన్ యార్డు. గ్రిడ్ పరచడానికి దొరికిన స్థలం 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు.

మొదటి పని మట్టిని కొలవడం. దానికి నాలుగు ఇనుప మేకులను సమాన దూరంలో వరసగా దిగగొడతారు. బయటి రెంటి గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ చూస్తారు. అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ వందేళ్ళకు ముందు చెప్పిన పద్ధతి ఇది. మీటరు చూపిన ఓమ్‌లను మేకుల మధ్య దూరంతోనూ 6.28తోనూ గుణిస్తే మట్టి విశిష్ట నిరోధం వస్తుంది. మేకులను ఎంత ఎడంగా పాతితే అంత లోతు నేల సంగతి తెలుస్తుంది, ఈ పద్ధతి గొప్పదనం అదే. మన సైటులో మీటరు ఎడంతో 64 ఓమ్‌లు చూపింది, అంటే 400 ఓమ్-మీటర్లు. రెండు మీటర్లకు 52 ఓమ్‌లు, అంటే 650. అయిదు మీటర్లకు 27 ఓమ్‌లు, అంటే 850. పది మీటర్లకు 16 ఓమ్‌లు, అంటే వెయ్యి. తడి బంకమట్టిలో ఈ అంకె పదుల్లోనే ఉంటుంది.

ఈ నాలుగు కొలతలూ డిజైనర్‌కు ఒక విషయం తేల్చి చెబుతున్నాయి: లోతుకు పోయేకొద్దీ నేల ఇంకా మొండికేస్తోంది. కాబట్టి ఇక్కడ లోతుగా రాడ్లు దించడం దండగ. బోరు యంత్రం తెచ్చి ముప్ఫై మీటర్ల లోతుకు తీగ దించే పని చాలా సైట్లలో చేస్తారు. అడుగున నీళ్ళున్న పగులు తగిలితే అది ఫలిస్తుంది. ఎండు రాయి తగిలితే డబ్బు రాతిలోకి పోయినట్టే. మేకుల కొలత ముందే చేసి ఉంటే ఈ ఖర్చుకు దిగాలా వద్దా అన్నది కాగితం మీదే తెలిసిపోతుంది.

గ్రిడ్ లెక్కకు మొత్తం నేలకు కలిపి 800 తీసుకుందాం. ఇది సర్దుబాటే. రెండు పొరల నేలను కచ్చితంగా లెక్కించాలంటే సాఫ్ట్‌వేర్ కావాలి, పెద్ద పనుల్లో అది వాడి తీరాలి. కాళ్ళ కింది పై మట్టికి మాత్రం కొలతలో వచ్చిన 400 వాడదాం, అదే భద్రమైన వైపు.

అందరికీ తెలిసిన మూడు మీటర్ల ఎర్త్ పైపును ఈ నేలలో ఒక్కటి పాతితే దాని నిరోధం సుమారు 230 ఓమ్‌లు. గుంతను అడుగు వెడల్పు చేసి చుట్టూ బెంటొనైట్ నింపితే పైపు లావెక్కినట్టే లెక్క, అయినా అది 145 దగ్గరే ఆగుతుంది. ఉప్పు, బొగ్గు వేసినా కథ ఇంతే. పైగా ఉప్పు వానకు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్ళూ జీఐ పైపును తింటుంది. ఒక్క ఓమ్ రావాలంటే ఒకదాని ప్రభావం ఒకదాని మీద పడనంత ఎడంగా ఇలాంటి పైపులు 230 పాతాలి. ఏ అపార్ట్‌మెంటు ఆవరణలో అంత చోటుంది?

అందుకని పైపులను పక్కన పెట్టి, అరవై సెంటీమీటర్ల లోతులో 50 × 6 మిల్లీమీటర్ల జీఐ పట్టీలతో జల్లెడలాంటి గ్రిడ్ పరుస్తాం. చుట్టూ అంచు వెంట మూడు మీటర్ల రాడ్లు 24 పెడతాం. మొదట పట్టీల మధ్య ఎడం పది మీటర్లు ఉంచి చూద్దాం. పట్టీ మొత్తం 310 మీటర్లు పడుతుంది, గ్రిడ్ నిరోధం 12 ఓమ్‌లు వస్తుంది. ఎడం అయిదు మీటర్లకు తగ్గిస్తే పట్టీ 550 మీటర్లు అవుతుంది, నిరోధం 11.2 ఓమ్‌లకు దిగుతుంది. ఇనుము దాదాపు రెట్టింపు పెట్టినా ఒక ఓమ్ కూడా తగ్గలేదు. గ్రిడ్ నిరోధాన్ని ముఖ్యంగా నిర్ణయించేది అది ఆక్రమించిన విస్తీర్ణం, అందులో వేసిన ఇనుము కాదు. ఓమ్‌లే చూసే యజమాని ఈ దశలో "ఈ 240 మీటర్ల పట్టీ ఎందుకు, తీసేయండి" అంటాడు. ఆ మాట వింటే ప్రమాదం ఎంతో చెప్పాలంటే ఫాల్ట్ కరెంటు లెక్క కావాలి.

మన సైటు దగ్గర ఒక ఫేజు నేలకు తగిలితే ప్రవహించే కరెంటు 4,000 ఆంపియర్లని డిస్కం చెప్పిందనుకుందాం. ఆ నాలుగు వేలూ మట్టిలోకి దిగితే 11 ఓమ్‌ల గ్రిడ్‌తో ఏ డిజైనూ నిలవదు. కానీ కరెంటు వస్తున్నది భూమిలో వేసిన కేబుల్ ద్వారా. ఆ కేబుల్ చుట్టూ ఉన్న రాగి స్క్రీన్ రెండు చివరలా ఎర్త్‌కు కలిపి ఉంటే, ఫాల్ట్ కరెంటులో ఎక్కువ భాగం మట్టి జోలికి పోకుండా ఆ స్క్రీన్ వెంటే తిరిగి వెళ్తుంది. కొన్ని కిలోమీటర్ల కేబుల్‌కు మట్టిలోకి దిగే వాటా పదో వంతు దాకా ఉండొచ్చు. మన లెక్కకు 400 ఆంపియర్లు తీసుకుందాం.

400 ఆంపియర్లు 11.2 ఓమ్‌ల గుండా దిగితే గ్రిడ్ మొత్తం దాదాపు 4,500 వోల్టుల ఎత్తుకు లేస్తుంది. ఈ అంకె భయపెడుతుంది కానీ మనిషికి తగిలేది ఇది కాదు. చేతికీ కాలికీ తేడా అత్యధికంగా ఉండేది గ్రిడ్ మూల గడి నడుమ, ఎందుకంటే కరెంటు అంచుల నుంచే ఎక్కువగా మట్టిలోకి దిగుతుంది. ఆ చోటి వోల్టేజీకి ఐఈఈఈ 80లో సూత్రం ఉంది. దాని ప్రకారం పది మీటర్ల ఎడం ఉన్న గ్రిడ్‌లో అది 818 వోల్టులు, అయిదు మీటర్ల గ్రిడ్‌లో 488. మీటరు మీద ఒక్క ఓమ్ తేడా కూడా చూపని ఆ అదనపు పట్టీ, మనిషి మీద పడే వోల్టేజీని 330 వోల్టులు తగ్గించింది. నిరోధం కొలిచి చేతులు దులుపుకునే పద్ధతిలో ఈ సంగతి ఎన్నటికీ బయటపడదు.

ఇక హద్దు చూద్దాం. ఫాల్ట్‌ను బ్రేకర్ అర సెకనులో ఆపుతుందని, మనిషి 400 ఓమ్-మీటర్ల ఉత్త మట్టి మీద నిలబడ్డాడని అనుకుంటే సూత్రం ఇచ్చే హద్దు 262 వోల్టులు. మంచి గ్రిడ్ ఇచ్చే 488 కూడా దీనికి మించిపోయింది. ఇక్కడ పనికొచ్చేది యార్డు మీద పరిచే నల్లకంకర. చాలామంది దాన్ని గడ్డి మొలవకుండా, నూనె కారితే ఇంకడానికీ వేస్తారనుకుంటారు. అసలు పని పాదాల కింద అడ్డు నిలవడం. కడిగిన కంకర తడిసినా కూడా 3,000 ఓమ్-మీటర్ల దాకా నిలబెట్టగలదు. అది పది సెంటీమీటర్ల మందం పరిస్తే హద్దు 704 వోల్టులకు పెరుగుతుంది. 488 అందులో ఇమిడింది. 818 ఇమడలేదు. అంటే పది మీటర్ల గ్రిడ్ కంకర వేసినా పనికిరాదు, అయిదు మీటర్ల గ్రిడ్ కంకర వేస్తేనే పనికొస్తుంది.

ఈ లెక్క ఎంత సన్నని అంచు మీద నిలబడిందో గమనించండి. రిలే సెట్టింగు మార్చి ఫాల్ట్ ఒక సెకను దాకా ఆగేట్టు చేస్తే హద్దు 704 నుంచి 498కి పడుతుంది. మిగిలే తేడా పది వోల్టులే. పై సబ్‌స్టేషన్ రిలేతో సమన్వయం కోసమని ఎవరో ఒకరు సమయం పెంచుతారు. అప్పుడు ఎర్తింగ్ డిజైన్ కాగితం తీసి చూడాలని ఎవరికీ తట్టదు. ఆ రెండు కాగితాలనూ ఒకే ఫైల్లో ఉంచడం కన్నా చవకైన భద్రత నాకు తెలియదు.

అంతకంటే పెద్ద దెబ్బ కేబుల్ స్క్రీన్ తెగితే తగులుతుంది. రోడ్డు తవ్వినప్పుడు కేబుల్ దెబ్బతింటుంది, రాత్రికి రాత్రి జాయింటు వేస్తారు, లోపలి తీగలు కలుపుతారు, స్క్రీన్‌ను సరిగా కలపరు. కరెంటు వచ్చేస్తుంది, లిఫ్టులు నడుస్తాయి, ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఇప్పుడు ఫాల్ట్ వస్తే తిరుగుదారి మట్టి ఒక్కటే. గ్రిడ్ నిరోధమే కరెంటును అడ్డుకోవడం వల్ల మొత్తం ఫాల్ట్ కరెంటు నాలుగు వేల నుంచి 1,500 ఆంపియర్లకు తగ్గుతుంది, అదంతా మట్టిలోకే దిగుతుంది. గ్రిడ్ దాదాపు 17,000 వోల్టులకు లేస్తుంది. మంచి గ్రిడ్‌లో కూడా మూల గడి వోల్టేజీ 1,800 దాటుతుంది. కరెంటు తగ్గినందువల్ల చాలా రిలేలు ఇంకా నెమ్మదిగా పని చేస్తాయి, కాబట్టి మనిషికి ఉన్న సమయం కూడా పోతుంది. ఎర్త్ పిట్లను ఏటా కొలిచే సైట్లు ఎన్నో ఉన్నాయి. జాయింటు వేసిన తర్వాత స్క్రీన్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి కలిసి ఉందా అని కొలిచినవి ఎన్ని? రాతి నేలలో ఈ రెండో కొలతే ముందు రావాలి.

కట్టడానికి ఆనుకుని ఉన్న సబ్‌స్టేషన్‌కు ఇంకో వరం ఉంది. అది పునాది. కాంక్రీటు నేలలోని తేమను పట్టి ఉంచుతుంది, అందులోని ఇనుప చువ్వలు ఆ తేమ ద్వారా నేలతో మాట్లాడతాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని అరిజోనా ఎడారిలో, మామూలు ఎర్త్ రాడ్లు పని చేయని ఎండు నేలలో, ఆయుధ గిడ్డంగుల కోసం హెర్బర్ట్ ఉఫర్ ఈ దారి పట్టాడు. అందుకే ఇలాంటి ఎర్త్‌ను ఇప్పటికీ ఆయన పేరుతో పిలుస్తారు. టవరు పునాది చువ్వలను గ్రిడ్‌కు వెల్డింగ్ చేసి కలిపితే విస్తీర్ణం ఒక్కసారిగా పెరుగుతుంది, నిరోధాన్ని నిజంగా దించేది అదే. కాంక్రీటు పోయక ముందే ఈ పని కావాలి. పోశాక అడిగితే సివిల్ ఇంజనీరు చేతులెత్తేస్తాడు, అతని తప్పూ కాదు.

ప్యానెల్ గది లోపల కూడా ఈ చువ్వలే కాపాడతాయి. తడి కాంక్రీటు విశిష్ట నిరోధం 21 నుంచి 100 ఓమ్-మీటర్ల మధ్య ఉంటుంది, కాబట్టి అది పాదాలకు అడ్డు నిలవదు. కానీ గచ్చులోని చువ్వలు ప్యానెల్‌తో కలిసి ఉంటే నేలా ప్యానెలూ ఒకే ఎత్తుకు లేస్తాయి, చేతికీ కాలికీ తేడాయే ఉండదు. ప్యానెల్ ముందు పరిచే రబ్బరు మ్యాటు దానికి అదనపు రక్ష. చువ్వలు కలపని గదిలో మాత్రం చిరిగిన ఆ మ్యాటు ఒక్కటే దిక్కు.

గ్రిడ్ లోపల నిలబడ్డవాడి సంగతి తేలింది. గ్రిడ్ బయట నిలబడ్డవాడి సంగతే అసలు చిక్కు. 4,500 వోల్టులకు లేచిన గ్రిడ్ నుంచి ఏ లోహపు తీగ బయటికి పోయినా ఆ వోల్టేజీని మోసుకుపోతుంది. ఇదే సబ్‌స్టేషన్ నుంచి వంద మీటర్ల అవతల బోరు మోటారుకు ఎర్త్ తీగ లాగారనుకోండి. ఫాల్ట్ వచ్చిన అర సెకను ఆ మోటారు ఒళ్ళు వేల వోల్టుల మీద ఉంటుంది, దాన్ని పట్టుకున్న మనిషి గ్రిడ్ లేని మామూలు మట్టి మీద నిలబడి ఉంటాడు. అతన్ని కాపాడే కంకర లేదు, కాళ్ళ కింద పట్టీ లేదు. ప్రహరీ గేటు, గేటు పక్క దీపస్తంభం, ఇనుప నీటి గొట్టం, అన్నిటికీ ఇదే లెక్క. గేటు, కంచె దగ్గర ఒక పట్టీని కంచెకు మీటరు బయట పాతి దాన్ని కంచెకు కలపాలి. అప్పుడు బయటి నుంచి కంచె పట్టుకున్నవాడి కాళ్ళ కింది నేలా కంచెతో పాటే లేస్తుంది. గొట్టం బయటికి పోయేచోట కొన్ని మీటర్లు ప్లాస్టిక్ ముక్క వేయాలి. దూరపు బోరు మోటారుకు వేరే ఏర్పాటు చేయాలి, లేదా దాని చుట్టూ కూడా పట్టీ వలయం పాతాలి.

ఇదే కారణంతో "కంప్యూటర్లకు వేరే ఎర్త్, జనరేటర్‌కు వేరే ఎర్త్" అని విడివిడిగా ఉంచే అలవాటు రాతి నేలలో ప్రమాదకరం. ఐఎస్ 3043 గానీ విద్యుత్ భద్రతా నిబంధనలు గానీ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కూ ఒంటికీ చెరి రెండేసి ఎర్త్ కనెక్షన్లు అడుగుతాయి. అవి ఒకదానికొకటి తగలకూడదని కాదు, ఒకటి తెగితే ఇంకోటి ఉండాలని. ఒక గదిలో రెండు వేర్వేరు ఎర్త్‌లుంటే ఫాల్ట్ వేళ ఒకటి వేల వోల్టులకు లేస్తుంది, ఇంకోటి అడుగునే ఉంటుంది. ఒక చెయ్యి సర్వర్ ర్యాకు మీద, ఇంకో చెయ్యి ప్యానెల్ మీద ఉన్నవాడికి ఆ తేడా మొత్తం తగులుతుంది. అన్నీ గ్రిడ్‌కే కలపాలి.

కట్టాక ఇదంతా నిజంగా వచ్చిందా అని ఎలా తెలుస్తుంది? చాలా సైట్లలో క్లాంపు మీటరును పిట్ తీగకు తగిలించి, 0.4 ఓమ్ చూపగానే రిజిస్టరులో రాసేస్తారు. ఆ పిట్ కింద గ్రిడ్‌కు కలిసే ఉంది కాబట్టి మీటరు కొలిచింది ఇనుప పట్టీల చుట్టు మార్గాన్ని, నేలను కాదు. 800 ఓమ్-మీటర్ల నేలలో ఒక పిట్ అర ఓమ్ చూపిందంటే అది శుభవార్త కాదు, కొలత తప్పనడానికి గుర్తు. మూడు మేకుల పద్ధతిలో కొలవాలన్నా, గ్రిడ్ మూల నుంచి మూలకు యాభై మీటర్లున్నప్పుడు కరెంటు మేకును రెండు వందల యాభై మీటర్ల దూరంలో పాతాలి. నగరంలో ఆ దూరంలో ఇంకో కట్టడపు ఎర్తింగ్ ఉంటుంది.

అందుకే నేరుగా టచ్ వోల్టేజీనే కొలవడం మంచిది. కరెంటు తీసేసిన లైను ఒకదాన్ని తిరుగుదారిగా వాడి, దూరంగా ఉన్న ఎర్త్ నుంచి గ్రిడ్‌లోకి అయిదు ఆంపియర్లు పంపుతారు. నేలలో ఎప్పుడూ తిరిగే 50 హెర్ట్జ్ కరెంటు కొలతలో కలవకుండా ఆ పరీక్షకు వేరే ఫ్రీక్వెన్సీ వాడతారు. తర్వాత ట్యాంకు, గేటు, కంచె, ప్యానెల్, ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి, దాని నుంచి మీటరు దూరంలో నేల మీద తడిపిన లోహపు పలక పెట్టి, రెంటి మధ్య వోల్టేజీ చూస్తారు. నిజమైన ఫాల్ట్‌లో 400 ఆంపియర్లు కాబట్టి కొలతను 80తో గుణించాలి. మన డిజైన్ సరిగా కట్టి ఉంటే అతి చెడ్డ మూల దగ్గర కూడా మీటరు 6.1 వోల్టుల లోపే చూపాలి. కంకర పరిచినచోట హద్దు 8.8 వోల్టులు, ఉత్త మట్టి ఉన్నచోట 3.3.

కంకర సంగతి మాత్రం ఏటా వానాకాలం ముందు వెళ్ళి చేత్తో తవ్వి చూడాల్సిందే. రెండేళ్ళలో దాని సందుల్లోకి మొరం, సిమెంటు దుమ్ము దిగి, పది సెంటీమీటర్లలో అడుగు సగం బురదగా మారుతుంది. పైనుంచి చూస్తే యార్డు ఎప్పటిలాగే నల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. తవ్వినచోట మట్టి కనిపిస్తే ఆ కంకర ఎత్తి కడిగి మళ్ళీ పరవాలి, తగ్గినంత కొత్తది కలపాలి. అంతవరకూ ఆ యార్డుకు వర్తించే హద్దు 704 కాదు, 262కి దగ్గర.